ఆమె ‘హా’ అన్న చోట, అంతకుముందు నువ్వేం రాశావు?

ప్రశ్న: అక్కా, నాకు 28 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. దేవరకొండలో ఫ్రెండ్ పెళ్లిలో ఒకామె పరిచయమైంది. ఆమెకు 26, మహబూబ్‌నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్లిలో ఇద్దరం మస్తు నవ్వుకున్నాం, నంబర్ కూడా ఆమెనే ఇచ్చింది. వాట్సాప్‌లో మాత్రం నేను నాలుగు లైన్లు రాస్తే ఆమె ‘హా’, ‘అవునా’ అంటది. ఒకరోజు ‘నీ నవ్వు మర్చిపోలేకపోతున్నా’ అని పెడితే రెండు రోజులు రిప్లై లేదు. ఆమె జోకేస్తే నాకేమనాలో తోచదు. ‘ఆమె ఎంత రాస్తే అంతే రాయి, ఎంత లేటుగా ఇస్తే అంత లేటుగా ఇయ్యి’ అని ఫ్రెండ్స్ అంటున్నారు. నేను ఒక్కడినే మీద పడుతున్నట్టు ఉందా? పేర్లు తీసేసి చాట్ పంపిస్తున్నా, చూసి చెప్పండి.

జవాబు: తమ్ముడూ, చాట్ మొత్తం చదివాను. పేర్లు తీసేసి పంపడం మంచి పని. ఇదే చాట్ ఫ్రెండ్స్‌కి కూడా చూపిస్తున్నట్టున్నావు, అది మాత్రం ఇవాళే ఆపెయ్. తను రాసింది నలుగురు కూర్చుని చదువుతున్నారని తెలిస్తే ఏ అమ్మాయీ ఇంకో మాట సరదాగా రాయదు.

నువ్వు లైన్లు లెక్కపెట్టుకున్నావు. నేను చూసింది వేరే. ఆమె ‘హా’ అన్న ప్రతిచోటా, దానికి ముందు నువ్వేం రాశావో చూశాను. ఒకటి ఇక్కడ పెడుతున్నా, నువ్వు కూడా మళ్లీ చదువు.

ఆమె రాసింది: ‘ఇయ్యాల ఒక తాత పరగడుపు షుగర్ టెస్టుకు వచ్చిండు. చాయ్ తాపిస్తేనే చెయ్యి చాపుతా అని కూర్చున్నడు. సూది పట్టుకున్న నన్నే బెదిరిస్తుండు!’ పక్కన రెండు నవ్వు బొమ్మలు.

నువ్వు రాసింది: ‘మీకు చాలా ఓపిక అండి. మీలాంటి మంచి మనసున్నవాళ్లు ఈ రోజుల్లో దొరకరు. మీ పరిచయం నా అదృష్టం.’

ఆమె: ‘హా.’

ఇందులో ఆమె తప్పేముంది? పొద్దున్నే జరిగిన తమాషా ఒకటి నీకు చెప్పాలనిపించింది, నవ్వుకుంటూ చెప్పింది. పరగడుపు టెస్టంటే కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా, తాగకుండా రావాలి, మంచినీళ్లు తప్ప. అక్కడికొచ్చి చాయ్ అడిగాడు తాత. అదే జోకు. నువ్వేమో తాతను పక్కన పెట్టి, ఆమె మెడలో దండేసి, చేతులు కట్టుకుని నిలబడ్డావు. దానికి ఆమె ఏమనాలి? అవును నేను మంచిదాన్నే అనాలా, అంత లేదు అనాలా? రెండూ ఇబ్బందే కాబట్టి ‘హా’ అంది. పొగడ్త వినడానికి బాగుంటుంది గానీ దాని తర్వాత మాట పెరగదు. నీ చాట్‌లో ఎండిపోయిన చోట్లన్నీ దాదాపు ఇలాంటివే. ఆమె నవ్వులో ఉంటే నువ్వు భక్తిలో ఉన్నావు.

ఆమెకు తగ్గట్టు ఉండటం అంటే ముందు ఈ తేడా పోవడం. ఆమె ఏ మూడ్‌లో మాట వేసిందో ఆ మూడ్‌లోనే, ఆమె చెప్పిన దాన్నే పట్టుకోవాలి. ‘ఆఖరికి ఎవరు గెలిచిండ్రు, తాతనా మీరా?’ అని ఒక్క ముక్క రాసి ఉంటే చాలు. ఆమె దగ్గర చెప్పడానికి ఇంకా సగం కథ ఉంది. తాత చెయ్యి చాపాడో లేదో, చాయ్ ఎవరు తెచ్చారో, పక్కనున్నవాళ్లు ఏమన్నారో. అది చెప్పాక అప్పుడు నీది: ‘మా మిల్లులో ఒక లారీ డ్రైవర్ గిట్లనే. చాయ్ రాంది కాటా మీదికి బండి ఎక్కియ్యడు. వాళ్లిద్దరూ చుట్టాలేమో అడుగుండ్రి.’ ఈ వరుస గుర్తుపెట్టుకో. ముందు ఆమె కథ పూర్తి కావాలి, తర్వాత నీ కథ రావాలి. తాత మాట రాగానే నీ డ్రైవర్‌ను దింపితే ఆమె చెప్పింది మధ్యలోనే తెగిపోతుంది.

జోకుకు ఏమనాలో తోచదన్నావు. కొత్త జోకు పుట్టించాలని చూస్తున్నావు కాబట్టి తోచడం లేదు. ఆమె జోకులోనే ఒక మనిషో, ఒక వస్తువో ఉంటుంది. దాని గురించి ఒక ప్రశ్న అడిగితే చాలు, అది కూడా సరదానే. 2017లో హార్వర్డ్ పరిశోధకులు కొందరు ఇలాంటి మాటల మీద పని చేశారు. కొత్తవాళ్లతో వరుసగా కొద్ది కొద్ది నిమిషాలు మాట్లాడే పరిచయ కార్యక్రమాల్లో, ఎదుటివాళ్లు చెప్పినదాన్నే పట్టుకుని మరో ప్రశ్న వేసినవాళ్లను మళ్లీ కలవడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు. ప్రశ్న అంటే నువ్వు రోజూ పంపే ‘తిన్నారా? ఏం కూర? డ్యూటీ అయిపోయిందా? రేపు సెలవా?’ కాదు. అవి ఆమె మాటలోంచి పుట్టినవి కావు, ఎవరికైనా పంపొచ్చు. నాలుగు వరుసగా పెడితే జనాభా లెక్కలకు వచ్చినట్టుంటుంది.

ఇక నీ ఫ్రెండ్స్ సలహా. వాళ్లు చెప్పినట్టు ఆమె ఒక ముక్క రాస్తే నువ్వూ ఒక ముక్క, ఆమె మూడు గంటలకు ఇస్తే నువ్వూ మూడు గంటలకు ఇస్తూ పోతే వారం తిరిగేసరికి ఇద్దరూ ‘హా’, ‘హా’ అనుకుని ఆగిపోతారు. ఎదుటివాళ్ల తీరు మనకు తెలియకుండానే అంటుకుంటుందని, అలా అంటుకున్నప్పుడు ఇద్దరి మధ్య మాట సాఫీగా సాగుతుందని 1999లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. అక్కడ ఎవరి సైగలను అనుకరిస్తున్నారో వాళ్లకు ఆ సంగతి తెలియదు. గడియారం చూసి రిప్లై ఆపితే అది ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది, పంతంలా కనిపిస్తుంది.

నిడివి విషయంలో ఒక్కటి చాలు. ఆమె మామూలుగా రాసేదానికి కొంచెం అటూ ఇటూ ఉండు, నాలుగింతలు మాత్రం వద్దు. ఆమె రెండు లైన్లు రాస్తే నువ్వు మూడు రాయొచ్చు, పన్నెండు రాస్తే మాత్రం చదవడమే ఒక పనైపోతుంది.

టైము సంగతి మాత్రం ఆలోచించాల్సిందే, కానీ వేరే కారణంగా. నీ పెద్ద పెద్ద మెసేజ్‌లు ఎక్కువగా పొద్దున ఏడున్నర, ఎనిమిదికి వెళ్లాయి. ల్యాబ్‌లో రద్దీ అప్పుడే ఉంటుంది. పరగడుపు టెస్టులవాళ్లంతా ఆకలితో వరుసలో నిలబడి ఉంటారు. చేతికి గ్లవుజులు, పక్కన శాంపిల్ గొట్టాలు. అప్పుడు వచ్చిన ‘హా’కు అర్థం వెతకొద్దు, దాన్ని లెక్కలోంచే తీసెయ్. ఆమె తనంతట తాను రాసినవి చూడు, దాదాపు అన్నీ మధ్యాహ్నం రెండు దాటాక, లేదంటే సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు. ఆమె తీరిక అక్కడ కనిపిస్తోంది. నీకూ అంతే కదా, వడ్లు దిగే రోజుల్లో కాటా దగ్గర లారీలు నిలబడి ఉంటే, తేమ 17 శాతం దాటిందని రైతు గొడవపడుతుంటే, ఎవరు మెసేజ్ పెట్టినా ‘సరే’ అనే కదా అంటావు?

ఇప్పుడు ఆ ‘నీ నవ్వు’ దగ్గరికి వద్దాం. ఆ మాటలో చెడేమీ లేదు. అది వెళ్లిన సమయమూ, ఎక్కిన మెట్లూ చూడు. దానికి ముందు ఆమె అడిగింది ‘మీ దగ్గర సీజన్ అయిపోయిందా?’ అని. రాత్రి పదకొండు నలభైకి నువ్వు వడ్ల నుంచి నేరుగా ఆమె నవ్వు మీదికి దూకావు. అప్పటిదాకా ఇద్దరూ ‘మీరు’ అనుకుంటున్నారు, ఆ ఒక్క మెసేజ్‌తో నువ్వు ‘నీ’ దగ్గరికి వెళ్లిపోయావు. అంటే మామూలు మాట నుంచి మనసులో మాటకు, ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు, పగటి కబుర్ల నుంచి అర్ధరాత్రికి, అన్నీ ఒకే మెసేజ్‌లో. పైగా ఇంట్లో ఫోన్ మంచం పక్కన పెట్టుకుని పడుకునే అమ్మాయి ఆమె. తెర మీద ఆ లైన్ వెలిగినప్పుడు పక్కన అమ్మ ఉందో, తమ్ముడు ఉన్నాడో నీకు తెలియదు. తెర మీద నలుగురికీ కనబడితే ఆమె కంగారుపడే మాట ఏదైనా, ఆమె అంత దూరం రాకముందే పంపావంటే, అది ఆమెకు టెన్షనే తప్ప సరదా కాదు.

దీనికి నేను చెప్పేది అర మెట్టు. ఆమె ఉన్నచోటికి ముందు నువ్వు రా, తర్వాత అర మెట్టు పైకెక్కి ఆగు. ఆమె కూడా ఎక్కితే ఇంకో అర మెట్టు. ఎక్కకపోతే ఏమీ కానట్టు కిందికి దిగిపో. కోలాటంలో కూడా ఇంతే కదా, ఎదుటి కర్ర ఎంత ఎత్తులో వస్తోందో చూసి మన కర్ర ఎత్తుతాం, మన ఊపుకొద్దీ కొడితే వేళ్లకు తగులుతుంది.

అర మెట్టు అంటే ఎలా ఉంటుందో నీ చాట్‌లోంచే చెప్తా. పెళ్లిలో నువ్వు డబుల్ కా మీఠా మూడుసార్లు వేయించుకున్నావని ఆమె ఆటపట్టించింది, ఆ మాట ఆమెనే రెండుసార్లు గుర్తుచేసింది కూడా. నువ్వు రెండుసార్లూ ‘సారీ అండి, ఆకలేసింది’ అన్నావు. బాబూ, అక్కడ సారీ ఎందుకు? ఆమె నిన్ను గమనించానని చెబుతోంది. అక్కడ రాయాల్సింది ఇలాంటిది: ‘మూడు కప్పులు లెక్కపెట్టిండ్రంటే మీరు భోజనం చెయ్యనట్టే. నన్నే చూసుకుంట కూర్చున్నరా?’ ఇందులో సరసం ఉంది, కానీ తలుపు తెరిచే ఉంది. ఆమెకు ఇష్టమైతే ‘చూడకపోతే గిన్నె ఖాళీ అయితుండె’ అంటుంది. అంత ఇష్టం లేకపోతే నవ్వు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటుంది. అసలే వద్దనుకుంటే ‘అట్లేం లేదు, మా అక్క చెప్పింది’ అని మాట మార్చేస్తుంది. మూడింటిలో ఏదన్నా ఆమెకు ఇబ్బంది లేదు, నీకు పరువు తక్కువా కాదు. ‘నీ నవ్వు మర్చిపోలేకపోతున్నా’ అన్నదానికి అలాంటి దారి లేదు. ఒప్పుకోవాలి, లేదంటే కాదనాలి. అందుకే రెండు రోజులు ఊరుకుంది.

ఈ మూడు రకాల జవాబులనూ నువ్వు ఎలా తీసుకోవాలన్నదే అసలు పని. ఆమె కూడా ఆటపట్టిస్తే నువ్వు అక్కడే ఇంకో రెండు మాటలు ఆడు, వెంటనే ఇంకా పైకి పోవద్దు. మగపిల్లలు ఎక్కువగా ఇక్కడే తొందరపడతారు. ఒక్క చమత్కారం వెనక్కి రాగానే సంతోషం పట్టలేక అసలు మాట చెప్పేస్తారు, అంతసేపూ నడిచిన ఆట అక్కడితో చప్పబడుతుంది. నవ్వు బొమ్మ ఒక్కటే వస్తే ఆ అర మెట్టు ఇవాళ్టికి చాలని అర్థం, వేరే కబురులోకి వెళ్లు. మాట మార్చితే నువ్వూ హాయిగా మారు, ఆమె మార్చిన మాటలోకే పో. ‘అయ్యో తప్పుగా అన్నానా’ అని తవ్వొద్దు.

తవ్వావు కాబట్టే చెప్తున్నా. ఆ రెండు రోజుల్లో నువ్వు ఒక ప్రశ్న గుర్తు, ఒక ‘కోపమా?’, ఒక ‘సారీ, తప్పుగా అనుకోకండి, ఇంకెప్పుడూ అనను’ పంపావు. మొదటి మెసేజ్ కన్నా ఈ మూడే ఎక్కువ బరువు. ఆమె ఇప్పుడు తన ఇబ్బందితో పాటు నీ బాధ కూడా మొయ్యాలి. అయినా ఆమె ఏం రాసిందో చూడు: ‘డ్యూటీ మస్తుండె. ఎట్లున్నరు? మీ అమ్మకు జ్వరం తగ్గిందా?’ నీ నవ్వు మాటను ముట్టుకోలేదు. ‘మీరు’ దగ్గరే ఉంది. మీ అమ్మ జ్వరం గుర్తుపెట్టుకుని అడిగింది. నువ్వు చాలా పైకి ఎక్కావు, నేను ఇక్కడున్నా, ఇక్కడికొస్తే మాట్లాడుకుందాం అన్నట్టుంది అది. దానికి నువ్వు ‘రిప్లై ఎందుకు ఇయ్యలేదు’ అని అడిగావు చూడు, అది చదివినప్పుడు నాకు నిన్ను ఒకటి వేయాలనిపించింది.

మరి ఆమెకు ఇష్టం ఉందా లేదా అన్నది నేను చెప్పలేను, చాట్ చూసి ఎవరు చెప్పినా నమ్మకు. నువ్వు చూసుకోగలిగినవి మాత్రం ఉన్నాయి. ఆమె తనంతట తాను మొదలుపెడుతోందా? నీ గురించి ఏమన్నా అడుగుతోందా? నువ్వు ఎప్పుడో చెప్పింది గుర్తుపెట్టుకుంటోందా? నీ చాట్‌లో మూడూ ఉన్నాయి, అందుకే ఇంత రాస్తున్నా. అవి ఉన్నాయంటే నీతో మాట్లాడటం ఆమెకు బాగుందని మాత్రమే అర్థం, ప్రేమ అని కాదు. నువ్వు ఇక్కడ చెప్పినట్టు ఆమె ఎత్తులోనే మాట్లాడటం మొదలుపెట్టాక కూడా రెండు మూడు వారాల పాటు ఆమె వైపు నుంచి ఒక్క మాటా మొదలవకపోతే, ఒక్క ప్రశ్నా రాకపోతే, తీరు సరిచూసుకునే పని అయిపోయింది, అక్కడ ఇష్టం లేదంతే. మన దగ్గర అమ్మాయిలు ముఖం మీద వద్దని చెప్పడం తక్కువ. ‘బిజీ’, ‘చూద్దాం’, ‘ఇంట్లో ఉన్న’ అని పదే పదే వస్తే అది వద్దనే. అప్పుడు మెసేజ్‌లు ఆపెయ్యి. వేరే నంబర్ నుంచి చెయ్యడం, మధ్యవాళ్లతో అడిగించడం, ల్యాబ్ దగ్గరికి పోయి నిలబడటం, ఇవేవీ వద్దు. ఒకవేళ ఆమె సూటిగా వద్దంటే ఆ మూడు వారాలు కూడా లేవు, ఆ నిమిషమే ఆగాలి.

ఎదురుగా ఉన్నప్పుడు నీకు ఈ తిప్పలు లేవన్న సంగతి గమనించావా? పెళ్లిలో ఆమె ముఖం కనబడుతోంది, గొంతు వినబడుతోంది, ఆమె నవ్వితే నువ్వూ నవ్వావు, పక్కనోళ్లు పిలిస్తే ఇద్దరూ ఆగారు. ఎవరూ నేర్పకుండానే సరిపోయింది. ఫోన్‌లో అవన్నీ పోయి అక్షరాలు మిగిలాయి, ఆ ఖాళీని నువ్వు పొగడ్తలతో నింపుతున్నావు. కాబట్టి ఎప్పుడైనా కలిసే వీలుంటే చాట్‌లో సగం కష్టం తీరిపోతుంది. కలిసినప్పుడు కూడా ఆమె మెల్లగా మాట్లాడుతుంటే నువ్వు గొంతు తగ్గించు, ఆమె ఎంత దూరంలో కూర్చుంటే ఆ దూరం అలాగే ఉంచు, ఆమె బస్ టైము చూసుకుంటే ఇంకో చాయ్ చెప్పకు.

చాట్‌లో చివరి మెసేజ్ ఆమెదే, నాలుగు రోజులైంది, భయపడి నువ్వు జవాబు ఇవ్వలేదు. ‘పాలమూరు ఎండలకు మా ల్యాబ్‌ల ఏసీ కూడా చేతులెత్తేసింది. మీ దగ్గరెట్లుంది?’ దీనికి ఇవాళ మధ్యాహ్నం రెండు దాటాక జవాబు పెట్టు. లేటైనందుకు కథ చెప్పొద్దు. ‘ఈడ ఏసీనే లేదు చేతులెత్తనీకి. మా ఆఫీసుల ఫ్యాన్ తిరుగుతుందో, మేమే తిరుగుతున్నమో అర్థమైతలేదు. మీ ఏసీకి కూడా ఒక టెస్ట్ రాసిండ్రా?’ ఇలాంటిది, నీ మాటల్లో. ఆమె నవ్వి ఊరుకుంటే ఇవాళ్టికి అంతే. తాత సంగతో, ఏసీ మెకానిక్ సంగతో ఇంకోటి తెచ్చిందంటే దాన్నే పట్టుకుని సాగు. ఇలా ఓ పది రోజులు రెండు వైపుల నుంచీ నడిచాక, కల్వకుర్తి వైపు పని పడి మహబూబ్‌నగర్ దాకా వచ్చే ఆదివారం ఏదన్నా ఉంటే, ‘ఆదివారం మీ ఊర్ల ఉంటా. చాయ్‌కి వీలైతదా? పిల్లలమర్రి కాడైనా సరే, మీకు ఏడ ఈజీ అయితే ఆడ. వీలు కాకపోతే మళ్ల చూద్దాం’ అని ఒకేసారి అడుగు. వేరే రోజు ఆమె చెబితే వెళ్లు. ‘కుదరదు’ అని ఒక్క మాట వచ్చి ఆగిపోతే, కలిసే మాట నువ్వు మళ్లీ ఎత్తొద్దు.